ఫాల్ట్ ఫీడర్‌లో, చీకటి ఊరంతా: ఇన్‌కమర్ రిలే ఎందుకు తొందరపడింది?

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకే ప్రశ్న అడిగారు. "అన్నా, ఫీడర్‌లో ఫాల్ట్ వస్తే ఫీడర్ బ్రేకరే కదా పడాలి, మా సబ్‌స్టేషన్‌లో ఇన్‌కమర్ ఎందుకు పడుతోంది?" అని. దీనికి ఒక్క లైన్‌లో జవాబు చెప్పొచ్చు కానీ అది మీకు ఉపయోగపడదు. అందుకే ఈరోజు నేను స్వయంగా చూసిన ఒక కేసు తీసుకుని, లెక్కతో సహా చూపిస్తాను. ఫోన్‌లో కాల్‌క్యులేటర్ తెరిచి పెట్టుకోండి, నాతో పాటు మీరూ వేయండి.

నేను రిలే టెస్టింగ్ పని చేస్తాను. కొన్నేళ్ల క్రితం మే నెలలో, మధ్యాహ్నం మూడు గంటలప్పుడు గాలిదుమారం లేచింది. ఒక పల్లెటూరి 33/11 కేవీ సబ్‌స్టేషన్ నుంచి షిఫ్ట్ ఆపరేటర్ ఫోన్ చేశాడు. "సార్, ట్రాన్స్‌ఫార్మర్ పోయినట్టుంది. 11 కేవీ ఇన్‌కమర్ పడిపోయింది. ఫీడర్లు ఒక్కటీ పడలేదు. మొత్తం ఆగిపోయింది" అన్నాడు.

అతను అలా అనుకోవడంలో తప్పు లేదు. ఫీడర్లన్నీ క్లోజ్‌లోనే ఉండి ఇన్‌కమర్ ఒక్కటే పడితే, ఎవరికైనా ముందు వచ్చే అనుమానం బస్ మీదో ట్రాన్స్‌ఫార్మర్ మీదో. ఒకసారి ఇన్‌కమర్ మళ్లీ వేసి చూశాడు, మళ్లీ పడింది. దాంతో ట్రాన్స్‌ఫార్మర్‌ని పక్కన పెట్టి, మెగ్గర్ తెప్పించి, రెండు గంటలపాటు టెస్ట్ చేశారు. ఏమీ లేదు. ఆ రెండు గంటలూ ఊరి తాగునీటి మోటార్, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో టీకాల ఫ్రిజ్, అన్నీ కరెంటు లేకుండా ఉన్నాయి.

చివరికి ఫీడర్లన్నీ ఓపెన్ చేసి, ఇన్‌కమర్ వేసి, ఫీడర్లు ఒక్కొక్కటిగా వేశారు. మొదటి రెండూ నిలబడ్డాయి. వ్యవసాయ ఫీడర్ వేయగానే మళ్లీ ఇన్‌కమర్ పడింది. లైన్ వెంట వెళ్లిన లైన్‌మన్‌కి, దాదాపు లైన్ చివర్లో, విరిగిన వేప కొమ్మ రెండు తీగల మీద అడ్డంగా పడి కనిపించింది. అంతే. ట్రాన్స్‌ఫార్మర్ గుండ్రాయిలా ఉంది.

మరి కొమ్మ పడిన ఫీడర్ బ్రేకర్ ఎందుకు పడలేదు? బ్రేకర్ పాడయిందా? లేదు. రిలే పాడయిందా? అదీ లేదు. మర్నాడు నేను రెండింటినీ టెస్ట్ కిట్‌తో చూశాను, ఇచ్చిన సెట్టింగ్‌కి తగ్గట్టు కరెక్ట్‌గా పనిచేస్తున్నాయి. తప్పు సెట్టింగ్‌లోనే ఉంది.

ముందు రిలే ఎలా ఆలోచిస్తుందో చూద్దాం

ఈ రెండు చోట్లా ఉన్నవి ఇన్వర్స్ టైమ్ ఓవర్‌కరెంట్ రిలేలు. మనవాళ్లు ఐడీఎంటీ అంటారు. కరెంటు ఎంత ఎక్కువైతే అంత తొందరగా పడుతుంది, తక్కువైతే నిదానిస్తుంది. దీనికి మనం ఇచ్చేవి ముఖ్యంగా రెండే. ఒకటి పికప్, అంటే ఎన్ని ఆంపియర్లు దాటితే రిలే లెక్కపెట్టడం మొదలుపెట్టాలి. రెండోది టైమ్ మల్టిప్లయర్, అంటే టీఎంఎస్. అది పెంచితే అన్ని కరెంట్ల దగ్గరా టైమ్ అదే నిష్పత్తిలో పెరుగుతుంది.

మన దగ్గర ఎక్కువగా వాడేది స్టాండర్డ్ ఇన్వర్స్ కర్వ్. దాని ఫార్ములా ఇది:

```
t = TMS × 0.14 / ((I / Is)^0.02 − 1)
```

ఇక్కడ `Is` అంటే పికప్, `I` అంటే వస్తున్న కరెంటు, `t` సెకన్లలో. టీఎంఎస్ 1 పెట్టి, పికప్‌కి పది రెట్లు కరెంటు ఇస్తే సుమారు 3 సెకన్లు (సరిగ్గా వేస్తే 2.97) వస్తుంది. రెండు రెట్లే ఇస్తే 10 సెకన్లు. ఈ రెండు అంకెలు గుర్తుంటే చాలు, కర్వ్ ఆకారం మీ కళ్లముందు ఉన్నట్టే.

ఇప్పుడు ఫీడర్‌లో ఫాల్ట్ వచ్చింది అనుకోండి. అదే కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇన్‌కమర్ గుండానే కదా ఫీడర్‌కి వెళ్లేది. అంటే ఇద్దరూ చూస్తున్నారు, ఇద్దరి గడియారాలూ నడుస్తున్నాయి. ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఫీడర్ ముందు పడాలి. ఫీడర్ పడకపోతేనే ఇన్‌కమర్ పడాలి. ఈ వరుస కేవలం టైమ్ తేడా మీదే ఆధారపడి ఉంటుంది. దాన్నే టైమ్ గ్రేడింగ్ అంటాం.

ఎంత తేడా కావాలి?

ఫీడర్ రిలే పడమని చెప్పాక బ్రేకర్ కాంటాక్టులు విడిపోయి ఆర్క్ ఆరిపోవడానికి కాస్త టైమ్ పడుతుంది, లెక్కకి 0.1 సెకన్ వేసుకుందాం. రెండు రిలేల టైమింగ్‌లోనూ కొంచెం తప్పు ఉంటుంది, సీటీలోనూ ఉంటుంది. పాత డిస్క్ రిలే అయితే కరెంటు ఆగాక కూడా డిస్క్ ఊపులో కాస్త తిరుగుతుంది, దాన్ని ఓవర్‌షూట్ అంటారు. వీటన్నిటి మీదా ఇంకాస్త భద్రత కోసం ఉంచుకుంటాం. మొత్తం కలిపి న్యూమరికల్ రిలేలకి 0.3 సెకన్, పాత డిస్క్ రిలేలకి 0.4 సెకన్ తీసుకోవడం అలవాటు. మన సబ్‌స్టేషన్‌లో న్యూమరికల్ రిలేలే. కాబట్టి 0.3.

అసలు సెట్టింగ్ ఎలా వచ్చింది

ట్రాన్స్‌ఫార్మర్ 5 ఎంవీఏ. 11 కేవీ వైపు ఫుల్ లోడ్ కరెంటు:

```
5000 / (1.732 × 11) = 262 A
```

ఇంపిడెన్స్ 7.15 శాతం. దానితో పాటు 33 కేవీ వైపు నుంచి వచ్చే లైన్ల ఇంపిడెన్స్ కూడా కలిపితే, 11 కేవీ బస్ దగ్గర మూడు ఫేజుల ఫాల్ట్ కరెంటు ఇక్కడ సుమారు 3000 ఆంపియర్లు.

గ్రేడింగ్ ఎప్పుడూ కింది నుంచి పైకి చేస్తాం. ముందు ఫీడర్. సీటీ 200/1, పికప్ 200 ఆంపియర్లు, టీఎంఎస్ 0.1. సబ్‌స్టేషన్ గేటు పక్కనే ఫాల్ట్ వస్తే 3000 ఆంపియర్లు, అంటే 15 రెట్లు. ఫార్ములాలో వేయండి, 0.25 సెకన్ వస్తుంది.

ఇప్పుడు ఇన్‌కమర్. సీటీ 300/1, పికప్ 300, ఫుల్ లోడ్ 262 కంటే కాస్త పైన. అదే 3000 దీనికి పది రెట్లు. ఇది కనీసం 0.25 కి 0.3 కలిపి 0.55 సెకన్ ఆగాలి. టీఎంఎస్ 1 కి 2.97 కాబట్టి, 0.55 ని 2.97 తో భాగిస్తే 0.185. పైకి సర్ది 0.19 పెట్టారు. టైమ్ 0.56 సెకన్.

చక్కగా ఉంది. గ్రేడింగ్ చేసినవాళ్ల తప్పు ఏమీ లేదు. ఈ సెట్టింగ్‌తో ఏళ్ల తరబడి ఇబ్బంది రాలేదు.

తర్వాత ఏం జరిగింది

వ్యవసాయ ఫీడర్ సంగతి మీలో పల్లెటూళ్ల నుంచి వచ్చినవాళ్లకి తెలుసు. ప్రతి బోరు దగ్గరా ఆటో స్టార్టర్ ఉంటుంది. త్రీ ఫేజ్ రాగానే మోటార్లన్నీ ఒకేసారి లేస్తాయి. రోజూ నడిచే లోడ్ వంద ఆంపియర్లే అయినా, లేచేటప్పుడు 400 దాకా వెళ్తుంది. 400 అంటే 200 కి రెండు రెట్లు. టీఎంఎస్ 0.1 తో సరిగ్గా ఒక సెకన్‌లో రిలే పడుతుంది. మోటార్లు స్పీడ్ అందుకుని కరెంటు 200 కిందికి రావడానికి ఒక సెకన్ కంటే కాస్త ఎక్కువే పడుతోంది. రోజూ పొద్దున్నే ఫీడర్ పడటం, మళ్లీ వేయడం, రైతులు వచ్చి గొడవ.

ఎవరో ఈ గొడవకి తేలికైన మందు వేశారు. రిలే స్క్రీన్ మీద `I>` అనే సెట్టింగ్ 1.00 నుంచి 2.00 చేశారు. అంటే పికప్ 200 నుంచి 400 అయింది. `TMS` ముట్టుకోలేదు. పొద్దున పడటం ఆగిపోయింది. అందరూ హ్యాపీ. ఇన్‌కమర్ గురించి ఎవరూ ఆలోచించలేదు.

మర్నాడు నేను వెళ్లి ఆ స్క్రీన్ చూసినప్పుడు నాకు మొదట అర్థమైంది ఇదే: కింద ఉన్న రిలే పికప్ 400, పైన ఉన్నది 300. ఇది తలకిందుల వ్యవహారం. 300 నుంచి 400 మధ్య కరెంటుకి ఫీడర్ రిలే కళ్లు కూడా తెరవదు, ఇన్‌కమర్ మాత్రం లెక్కపెట్టడం మొదలుపెడుతుంది.

అయితే అక్కడి ఏఈ గారు ఒక మంచి ప్రశ్న అడిగారు. "కొమ్మ పడినప్పుడు కరెంటు 400 కంటే ఎక్కువే కదండీ. రిలేలో 600 రికార్డయింది. మరి ఫీడర్ ముందు పడాలి కదా?" అని. కాగితం మీద వేసి చూద్దాం అన్నాను.

ఫీడర్: 600 ని 400 తో భాగిస్తే 1.5 రెట్లు. టైమ్ 1.72 సెకన్లు. ఇన్‌కమర్: 600 ని 300 తో భాగిస్తే 2 రెట్లు, టీఎంఎస్ 0.19, టైమ్ 1.91 సెకన్లు. ఏఈ గారు నవ్వారు. "చూశారా, ఫీడరే ముందు. తేడా 0.2 తక్కువే కానీ ఫీడరే ముందు."

అసలు పాయింట్ ఇక్కడే ఉంది ఫ్రెండ్స్, ఒక్క క్షణం ఆగి వినండి. ఇన్‌కమర్ చూసేది ఆ ఒక్క ఫీడర్ కరెంటు కాదు. మిగతా ఫీడర్ల లోడ్ కూడా అందులోంచే పోతుంది. ఆరోజు మిగతా ఫీడర్లు కలిపి సుమారు 140 ఆంపియర్లు. ఫాల్ట్ లైన్ చివర్లో ఉంది కాబట్టి సబ్‌స్టేషన్ బస్ దగ్గర వోల్టేజ్ పెద్దగా పడిపోలేదు. అందువల్ల ఆ లోడ్లు నడుస్తూనే ఉన్నాయి. అంటే ఇన్‌కమర్ చూసింది 600 కాదు, దాదాపు 740.

740 ని 300 తో భాగిస్తే 2.47 రెట్లు. టైమ్ వేయండి. 1.46 సెకన్లు.

ఫీడర్ 1.72. ఇన్‌కమర్ 1.46. పావు సెకన్ ముందే ఇన్‌కమర్ పడిపోయింది. ఫీడర్ రిలే లెక్కపెడుతూ ఉండగానే కరెంటు ఆగిపోయింది. అది మళ్లీ సున్నాకి వెళ్లిపోయింది. అందుకే దాని మీద ట్రిప్ ఫ్లాగ్ లేదు.

ఫాల్ట్ కరెంటునీ లోడ్ కరెంటునీ ఇలా నేరుగా కూడడం కరెక్టేనా అని అడగొచ్చు. రెండింటి ఫేజ్ యాంగిల్ వేరు కాబట్టి నిజంగా వచ్చేది కూడిక కంటే కాస్త తక్కువ. కానీ పల్లె లైన్ల కండక్టర్ సన్నగా ఉంటుంది, రెసిస్టెన్స్ ఎక్కువ. అందువల్ల తేడా పెద్దగా ఉండదు. పైగా గ్రేడింగ్‌లో చెడ్డ పరిస్థితినే లెక్కలోకి తీసుకోవాలి.

మరి ఇన్నాళ్లూ ఎందుకు బయటపడలేదు?

ఇది కూడా లెక్కే చెప్తుంది. సెట్టింగ్ మార్చాక, సబ్‌స్టేషన్ పక్కనే 3000 ఆంపియర్ల ఫాల్ట్ వస్తే: ఫీడర్‌కి 7.5 రెట్లు, 0.34 సెకన్. ఇన్‌కమర్ 0.56. తేడా 0.22. కావాల్సిన 0.3 లేదు, అయినా బ్రేకర్ బాగుంటే ఫీడర్ ముందు పడిపోతుంది. దగ్గరి ఫాల్ట్‌కి బస్ వోల్టేజ్ కుప్పకూలుతుంది కాబట్టి పక్క ఫీడర్ల లోడ్ కూడా దాదాపు ఉండదు. లైన్ మధ్యలో 900 ఆంపియర్ల ఫాల్ట్ వస్తే: ఫీడర్ 0.86, ఇన్‌కమర్ లోడ్‌తో కలిపి 1.06. తేడా 0.2. అదృష్టం మీద నడుస్తుంది. చివర్లో 600 దగ్గరికి వచ్చేసరికి వరుస తిరగబడింది.

అంటే రెండు కర్వులు ఒకచోట ఒకదాన్నొకటి దాటేస్తున్నాయి. పెద్ద కరెంటు దగ్గర ఫీడర్ కర్వ్ కింద ఉంది, చిన్న కరెంటు దగ్గర పైకి వెళ్లిపోయింది. ఒక్క పెద్ద ఫాల్ట్ దగ్గర మాత్రమే చెక్ చేసేవాళ్లకి ఇది ఎప్పటికీ కనపడదు. అందుకే కనీసం మూడు చోట్ల వేసి చూడాలి: బస్ దగ్గరి గరిష్ఠ ఫాల్ట్, లైన్ మధ్యలో, లైన్ చివరి కనిష్ఠ ఫాల్ట్. చివరి రెండింటికీ ఇన్‌కమర్ వైపు మిగతా లోడ్ కలపాలి.

మేం ఏం చేశాం

పొద్దున మోటార్లు లేచేటప్పుడు పడటం అనేది నిజమైన సమస్యే. దాన్ని కాదనలేం. కానీ అక్కడ తక్కువైంది టైమ్. మందు మాత్రం పికప్‌కి వేశారు.

పికప్‌ని మళ్లీ 200 చేశాం. టీఎంఎస్‌ని 0.1 నుంచి 0.15 చేశాం. ఇప్పుడు 400 ఆంపియర్ల దగ్గర ఒక సెకన్‌కి బదులు 1.5 సెకన్లు ఆగుతుంది. మోటార్లు లేవడానికి అది సరిపోయింది. వారం రోజులు రికార్డులు చూశాం, పడలేదు.

కానీ ఫీడర్‌ని నిదానం చేశాం కాబట్టి ఇన్‌కమర్‌ని అలాగే వదిలేయకూడదు. 3000 దగ్గర ఫీడర్ ఇప్పుడు 0.38. ఇన్‌కమర్ 0.68 ఆగాలి. టీఎంఎస్ 0.23 పెట్టాం, 0.68 వచ్చింది. చివరి ఫాల్ట్ 600 దగ్గర చూడండి: ఫీడర్ 0.95 సెకన్, ఇన్‌కమర్ 740 తో 1.77. తేడా 0.8 పైనే. 900 దగ్గర 0.69, 1.28. ఎక్కడా కర్వులు కలవడం లేదు.

ఇన్‌కమర్ కదిలితే దాని పైన 33 కేవీ వైపు రిలే కూడా చూడాలి. ఇక్కడ ఒక మెలిక. ట్రాన్స్‌ఫార్మర్ డెల్టా-స్టార్ అయితే, 11 కేవీ వైపు రెండు ఫేజుల మధ్య ఫాల్ట్ వచ్చినప్పుడు ఇన్‌కమర్‌కి కనిపించేది మూడు ఫేజుల ఫాల్ట్‌లో 87 శాతమే. 33 కేవీ వైపు మాత్రం ఒక ఫేజులో పూర్తి వంద శాతం కనిపిస్తుంది. అంటే కింద ఉన్నది నిదానిస్తుంది, పైన ఉన్నది నిదానించదు. ఆ లెక్కతో ఇన్‌కమర్ టైమ్ 0.73 అవుతుంది. అక్కడ 33 కేవీ రిలే పికప్ 100 ఆంపియర్లు, టీఎంఎస్ 0.35, అంటే పది రెట్ల దగ్గర 1.04 సెకన్. తేడా 0.31. అంచుమీద ఉన్నా సరిపోయింది, కదపలేదు. అది సరిపోకపోతే పైదాకా మార్చుకుంటూ వెళ్లాల్సి వచ్చేది.

అలాగని టైమ్‌లు పెంచుకుంటూ పోవడం ఫ్రీ కాదు. ఇన్‌కమర్‌లో పెంచిన ప్రతి పదో వంతు సెకన్, 11 కేవీ బస్ మీద ఫాల్ట్ వస్తే ప్యానెల్ అదనంగా కాలే టైమ్. ఎందుకంటే బస్ ఫాల్ట్‌ని తీసేయాల్సింది ఆ ఇన్‌కమరే. అందుకే 0.3 కావాలంటే 0.3 ఇస్తాం, "సేఫ్‌గా ఉంటుంది" అని 0.6 ఇవ్వం. అలాగే ఇన్‌కమర్‌లో ఇన్‌స్టంటేనియస్ ఎలిమెంట్ ఆన్‌లో ఉందేమో చూడండి. అది ఆన్‌లో ఉండి, బస్ ఫాల్ట్ కరెంటు కంటే తక్కువకి సెట్ అయి ఉంటే, ఫీడర్ దగ్గరి ఫాల్ట్‌కి కూడా ఇన్‌కమర్ వెంటనే పడిపోతుంది. మీరు చేసిన గ్రేడింగ్ అంతా వేస్ట్.

మీ దగ్గర ఇలా జరిగితే ఎలా పట్టుకోవాలి

ఇన్‌కమర్ ఒక్కటే పడితే ట్రాన్స్‌ఫార్మర్ మీద అనుమానపడే ముందు రెండు చూడండి. బుక్‌హోల్జ్, డిఫరెన్షియల్ ఫ్లాగులు ఏమైనా ఉన్నాయా? లేకపోతే ఒక్కో ఫీడర్ రిలే దగ్గరికి వెళ్లి ఈవెంట్ లాగ్ తెరవండి. ఏదో ఒక ఫీడర్‌లో `Start` ఉండి, `Trip` లేకుండా, ఇన్‌కమర్ పడిన టైమ్‌కే ఆగిపోయి ఉంటే, ఫాల్ట్ ఆ ఫీడర్‌లో ఉంది. మా కేసులో ఆ లైన్ అక్కడే ఉంది. ఎవరూ తెరవలేదు, ఎందుకంటే ట్రిప్ ల్యాంప్ వెలగలేదు కాబట్టి అందులో చూసేది ఏముంది అనుకున్నారు. ఆ రెండు నిమిషాల పని చేసి ఉంటే రెండు గంటల మెగ్గర్ అవసరం ఉండేది కాదు. మళ్లీ మళ్లీ వేయడం వల్ల ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ ఆ ఫాల్ట్ కరెంటుని మూడుసార్లు మోయాల్సిన పనీ ఉండేది కాదు.

`Start` ఉండి కూడా ఫీడర్‌కి `Trip` వచ్చి, ఆ తర్వాత ఇన్‌కమర్ పడి ఉంటే అది వేరే కథ. అప్పుడు రిలే తన పని చేసింది, బ్రేకర్ నిదానించింది లేదా ట్రిప్ కాయిల్ పనిచేయలేదు. అక్కడ సెట్టింగ్ మార్చకండి, బ్రేకర్ టైమింగ్ టెస్ట్ చేయించండి.

ఆ సబ్‌స్టేషన్ నుంచి వచ్చేముందు ఆ ఆపరేటర్‌తో కలిసి ఒక పని చేశాను. ప్రతి రిలే ప్యానెల్ తలుపు లోపల ఒక కాగితం అంటించాం. పికప్, టీఎంఎస్, తేదీ, దాని కింద పెద్ద అక్షరాలతో "ఇది మారిస్తే ఇన్‌కమర్ లెక్క మళ్లీ వేయాలి" అని. అతను అడిగాడు, "సార్, ఇన్‌కమర్ ప్యానెల్ మీద ఏం రాయాలి?" అని. "ఇది మారిస్తే 33 కేవీ లెక్క వేయాలి అని రాయి" అన్నాను.

ఇవాళ్టికి ఇంతే. మీ సబ్‌స్టేషన్ లేదా ఫ్యాక్టరీలో ఫీడర్ పికప్, ఇన్‌కమర్ పికప్ ఎంతెంత ఉన్నాయో చూసి, ఇవాళ చెప్పిన మూడు చోట్లా టైమ్ వేసి కామెంట్‌లో పెట్టండి. లోడ్ కలపడం మర్చిపోకండి. ఎర్త్ ఫాల్ట్ రిలేల గ్రేడింగ్ వేరే లెక్క, అక్కడ లోడ్ కలవదు. అది వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటాను.